జులై 1న రెండు పిలుపులు

చెల్లాయిలూ, ఈసారి ముచ్చట ఉద్యోగం గురించి. ఇంటర్వ్యూకి రమ్మన్న రోజే ఇంకో చోట ఉండక తప్పని పనొచ్చి పడింది. పిలిచినవాళ్లకి కోపం రాకుండా, అవకాశం చేజారకుండా తేదీ మార్చమని ఎలా రాయాలి? గాల్లో మాట్లాడుకుంటే తేలదు గానీ, 2025 జూన్‌లో మన ఉత్తరాంధ్రలో జరిగినదాన్నే పట్టుకుందాం.

ఆ ఏడాది మెగా డీఎస్సీ గుర్తుందిగా. 16,347 పోస్టులు, రాసినవాళ్లు లక్షల్లో. జూన్ 6న పరీక్షలు మొదలయ్యాయి. 21న విశాఖ బీచ్ రోడ్డులో యోగా దినోత్సవం, ప్రధానమంత్రి వస్తున్నారు. ఆ కారణంగా 20, 21 తేదీల్లో జరగాల్సిన పరీక్షల్ని జులై 1, 2 తేదీలకి జరిపారు. చదువుకోవడానికి ఇంకో పది రోజులు దొరికాయని సంతోషించినవాళ్లూ ఉంటారు. ఆ జులై ఒకటినే వేరే పని పెట్టుకున్నవాళ్ల సంగతి?

గరివిడిలో అలాంటి చెల్లి ఒకతి ఉందనుకోండి. బీఈడీ అయింది, శ్రీరామ్‌నగర్ దగ్గర నలుగురు పిల్లలకి ట్యూషన్ చెబుతోంది. విజయనగరంలో ఓ ప్రైవేటు స్కూల్లో ఆరు, ఏడు తరగతులకి టీచర్ కావాలని తెలిసి బయోడేటా ఇచ్చొచ్చింది. బడులు జూన్ 12న తెరిచారు, అయినా ఆ తరగతులకి ఇంకా మనిషి దొరకలేదు. "జులై 1, మంగళవారం, పొద్దున్న పదికి డెమోకి రామ్మా" అని మేడం ఫోన్ చేశారు. పరీక్ష 20న కదా, అయ్యాక హాయిగా వెళ్లొచ్చనుకుని చెల్లి సరేనంది. తీరా చూస్తే పరీక్ష వచ్చి అదే రోజున కూర్చుంది. మధ్యాహ్నం పూట, సెంటర్ విశాఖలో.

ఇంట్లో పెద్దమ్మ ఊరుకుంటుందా? "పొద్దున్న ఆ డెమో ఏదో అయిపోగొట్టీసి, మద్దేనం పరీక్షకి ఎల్లిపోవచ్చు కదేటే గుంటా!" అంటుంది. కాగితం మీద చూస్తే నిజంగానే కుదిరేట్టు కనిపిస్తుంది. కానీ పది గంటలంటే పదికి నిన్ను లోపలికి పిలుస్తారని కాదు. డెమోకి వచ్చినవాళ్లు ఇంకా ఉంటారు. తరగతి ఖాళీ అవ్వాలి, పిల్లలు కుదురుగా కూర్చోవాలి, నువ్వు పాఠం చెప్పాలి. ఆ తర్వాత కరస్పాండెంట్ గారొచ్చి జీతం సంగతి మాట్లాడాలి. ఆయన ఎప్పుడొస్తారో ఆఫీసు గుమాస్తాకీ తెలీదు. విజయనగరం నుంచి విశాఖ అరవై కిలోమీటర్ల మాట. గేటు మూసే వేళ దాటితే హాల్‌టికెట్ చేతిలో ఉన్నా లాభం లేదు. పాఠం చెబుతూ గడియారం వైపు నాలుగుసార్లు చూశావనుకో, వెనక బెంచీలో కూర్చున్న మేడం అదే రాసుకుంటారు. రెండూ చెడగొట్టుకోవడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు.

కాబట్టి ఒకటి కదలాలి. ఏది కదులుతుందో ముందు తేల్చుకోవాలి. ప్రభుత్వ పరీక్ష నీ ఒక్కదాని కోసం కదలదు. సివిల్స్ ఇంటర్వ్యూకి పిలిచే యూపీఎస్సీ కూడా, తేదీ మార్చమనే విన్నపాలు మామూలుగా ఒప్పుకోమని ముందే చెప్పేస్తుంది. వాళ్లకి కావాలంటే అందరికీ కలిపి మారుస్తారు, యోగా దినోత్సవానికి మార్చినట్టు. ప్రైవేటు స్కూలు డెమో అలా కాదు. అక్కడ తేదీ అంటే ఒక మేడం, ఒక కరస్పాండెంట్, ఒక ఖాళీ పీరియడ్. అడిగితే కదలొచ్చు.

అడగడంలో మొదటి సంగతి, ఎప్పుడు అడుగుతున్నావన్నది. మారిన తేదీ ఖాయమని తెలిసిన రోజే చెప్పాలి. పది రోజుల ముందు చెబితే మేడం నీ పీరియడ్‌లో ఇంకొకరిని పెట్టుకుంటారు, ఆవిడకి పోయేదేమీ లేదు. జూన్ 30 రాత్రి చెబితే మాత్రం పొద్దున్నే ఒక తరగతి ఊరికే కూర్చుంటుంది. కారణం అదే, కానీ మొదటిసారి నువ్వు ముందుచూపున్న పిల్లవి, రెండోసారి బాధ్యత లేని పిల్లవి. సిగ్గుతోనో భయంతోనో రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని నానబెట్టేది ఇక్కడే.

ఎవరికి చెప్పాలంటే, నిన్ను పిలిచినవాళ్లకే. ఆ స్కూల్లో పనిచేసే స్నేహితురాలి చేత చెప్పించొద్దు. ఆ మాట మేడం చెవిలో పడేసరికి "ఆ అమ్మాయి రాదట" అని మిగులుతుంది. నాన్న చేత ఫోన్ చేయించడం మరీ తప్పు. రేపు తరగతిని నడపాల్సింది నాన్న కాదు కదా! వాట్సాప్‌లో ముందు మెసేజ్ పెట్టు. ప్రేయర్ గంట వేళ కాకుండా, మధ్యాహ్నం భోజనాలయ్యాక పెడితే ఆవిడ కుదురుగా చదువుతారు. మెసేజ్ ఎందుకంటే తేదీలు ఆవిడ కళ్ల ముందు ఉంటాయి, కరస్పాండెంట్ గారికి చూపించడానికీ పనికొస్తాయి. సాయంత్రం దాకా జవాబు రాకపోతే మర్నాడు ఒక్కసారి ఫోన్ చెయ్యి.

ఇదిగో, నేనైతే ఇలా రాస్తాను:

"నమస్కారం మేడం. నేను గరివిడి నుంచి, ఆరు, ఏడు తరగతుల టీచర్ పోస్టుకి బయోడేటా ఇచ్చినదాన్ని. జులై 1, మంగళవారం ఉదయం 10 గంటలకి డెమోకి రమ్మన్నారు. జూన్ 20న నేను రాయాల్సిన డీఎస్సీ పరీక్షని ప్రభుత్వం జులై 1కి మార్చింది. దయచేసి నా డెమో ఇంకో రోజుకి మార్చగలరా? జూన్ 28 శనివారం, 30 సోమవారం ఏ పూటైనా రాగలను. అవి మీకు కుదరకపోతే జులై 3 నుంచి మీరు చెప్పిన రోజు వస్తాను. మీరిచ్చిన ఏడో తరగతి పాఠం సిద్ధం చేసుకుంటున్నాను. మీ ఏర్పాట్లకి ఇబ్బంది కలిగినందుకు మన్నించండి."

కింద పేరు, ఫోన్ నంబరు. మేడం దగ్గర నీ నంబరు పేరుతో సేవ్ అయి ఉంటుందనుకోకు. పేరు లేకపోతే ఎవరీ గరివిడి అమ్మాయి అని బయోడేటాల కట్ట విప్పాలి.

డీఎస్సీ అని పేరు పెట్టి రాశానేమిటని కొందరికి గుబులు పుడుతుంది. ప్రభుత్వ ఉద్యోగం వస్తే వెళ్లిపోతుందని వద్దనేస్తారేమో అని. మామూలుగా అయితే "ముందే ఖరారైన పరీక్ష ఉంది" అంటే చాలు, అంతకుమించి చెప్పక్కర్లేదు. ఇక్కడ మాత్రం దాపరికం పనిచేయదు. 20 నుంచి జులై 1కి మారిన పరీక్ష ఏదో ఆ స్కూలు స్టాఫ్‌రూమ్‌లో ప్రతి ఒక్కరికీ తెలుసు, వాళ్లలో సగంమంది రాస్తున్నవాళ్లే అయుంటారు. దాచిన కొద్దీ నువ్వేదో మరుగుపెడుతున్నావనిపిస్తుంది. పైగా పేరు చెబితే నీకే మేలు. తేదీ మార్చింది నువ్వు కాదని, మొదట ఒప్పుకున్నప్పుడు నీ లెక్క సరిగ్గానే ఉందని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. అమ్మమ్మకి ఒంట్లో బాగాలేదనే పాత కథ అస్సలు వద్దు. విజయనగరం ఎంతని! సెంటర్ దగ్గర నిన్ను చూసినవాళ్లు సాయంత్రానికి ఆ స్కూల్లో చెప్పకుండా ఉంటారా?

తేదీల దగ్గర ఇంకో మెలిక ఉంది. తేదీ మార్చమనేవాళ్లు దాదాపు అందరూ వెనక్కి తోస్తారు: వచ్చే వారం వస్తాను, పై వారం వస్తాను అని. స్కూలుకి టీచర్ ఇప్పుడే కావాలి, పిల్లలు పాఠం లేకుండా కూర్చున్నారు. అందుకే మెసేజ్‌లో 28, 30 ముందు పెట్టాను. అన్న తేదీకన్నా ముందే వస్తానన్న పిల్ల మీద, తప్పించుకుంటోందన్న అనుమానం రాదు. పరీక్షకి ముందు రోజుల్లో చదువు పోతుంది కదా అంటావు. పోతుంది, ఒక పూట. అది నీకు మరీ బరువైతే ఆ తేదీలు రాయకు, రాసి తర్వాత నసగకు. ఆదివారం మాత్రం రాయొద్దు. డెమోకి తరగతిలో పిల్లలుండాలిగా! ఆషాఢం కాబట్టి బంధువుల పెళ్లి అడ్డొస్తుందన్న భయమూ లేదు. అయినా రాసేముందు ఇంట్లో అడిగి చూసుకో. ఒకసారి మార్చమంటే అవసరం, రెండోసారి మార్చమంటే ఆవిడ ఇంకొకరికి ఫోన్ చేస్తారు.

క్షమాపణ ఒక్కసారి చాలు, అదీ చివర్లో. మొదటి మూడు వాక్యాలూ సారీలైతే అసలు విషయం ఎక్కడుందో వెతుక్కోవాలి. ఇంకా కొందరు మర్యాద అనుకుని "వీలుకాకపోతే ఫర్వాలేదు మేడం" అని ముగిస్తారు. ఆ ముక్కతో నీ చేతులతో నువ్వే తలుపేసినట్టు. పనెక్కువగా ఉన్న మనిషికి కాదనడమే తేలిక, ఆ తేలికని నువ్వే అందించకు. దానికి బదులు పాఠం సిద్ధం చేసుకుంటున్నానన్న వాక్యం చూడు. ఈ పిల్లకి ఉద్యోగం నిజంగా కావాలి అని ఆవిడకి తెలిసేది అక్కడే. అది నిజమై ఉండాలి సుమా. "అయితే ఇవాళే రామ్మా" అంటే పరుగెత్తడానికి సిద్ధంగా ఉండాలి.

"30న, 11కి రా" అని జవాబొస్తే థాంక్స్ బొమ్మ పెట్టి ఊరుకోకు. "జూన్ 30 సోమవారం ఉదయం 11 గంటలకి వస్తాను మేడం, ధన్యవాదాలు" అని తిరిగి రాయి. ఏ రోజు, ఎన్ని గంటలకి అన్న గందరగోళం అక్కడితో పోతుంది. మార్చడం కుదరదంటే బతిమాలొద్దు. "అర్థమైంది మేడం, జులై 3 తర్వాత ఖాళీ ఉంటే నన్ను పిలవండి" అని ఒక్క వాక్యం పెట్టి పరీక్షకి చదువుకో. ప్రైవేటు బళ్లలో మధ్యలో మానేసేవాళ్లు ఉంటూనే ఉంటారు.

ఇక డెమో రోజున ఆ ప్రశ్న రానే వస్తుంది: "డీఎస్సీ వస్తే వెళ్లిపోతావు కదమ్మా?" వెళ్లనని ఒట్టేయకు, ఎవరూ నమ్మరు. మేడం భయం ఉత్తిది కాదు. ఆ ఏడాది ఎంపికైనవాళ్లకి సెప్టెంబరు 25న నియామక పత్రాలిచ్చారు, అంటే బడి సగంలో ఉండగా. కాబట్టి ఇవ్వగలిగిన మాటే ఇవ్వు: "వస్తే వెళ్తాను మేడం. కానీ ఎంపిక జాబితాలో పేరు చూసుకున్న రోజే మీకు చెబుతాను. నా పోర్షన్ ఎక్కడిదాకా వచ్చిందో రాసిచ్చి, కొత్త టీచర్‌కి అప్పగించి వెళ్తాను." ఆవిడ తర్వాత అడిగేది జీతం సంగతే. దానికి ఎంత అడగాలో ఇంటి దగ్గరే అనుకుని వెళ్లు.