రాజీనామా రాసేముందు రెండో రిపోర్టు చూడండి

మెదడులో కణితి అని తెలిసిన వారంలోపే ఉద్యోగం మానేసేవాళ్లు చాలామంది ఉంటారు. "ప్రాణం కంటే ఉద్యోగం ఎక్కువా" అని ఇంట్లోవాళ్లు అంటారు. ఆ మాటలో ప్రేమ ఉంది గానీ లెక్క లేదు. గ్లయోమా అనే రకం కణితుల్లో ఒకరికి ఏడాదిన్నర గడవడం కష్టం కావచ్చు, ఇంకొకరు పదేళ్లు దాటినా పనికి వెళ్లివస్తూ ఉండొచ్చు. మొదటి రోజు స్కాన్ చూసి ఆ తేడా కచ్చితంగా చెప్పడం డాక్టరుకు కూడా కుదరదు. ఆపరేషన్లో తీసిన ముక్క పరీక్షకు వెళ్తుంది. అందులోనూ కాస్త ఆలస్యంగా వచ్చే జన్యు పరీక్షే అసలు సంగతి చెబుతుంది.

జీడిమెట్లలో ఒక ప్యాకింగ్ యూనిట్లో మెషిన్ ఆపరేటర్ని ఊహించుకుందాం. వయసు 34, జీతం 19,000 రూపాయలు, ఈఎస్ఐ ఉంది. నైట్ షిఫ్టు దిగి ఇంటికొచ్చాక ఫిట్స్ వచ్చాయి. ఎమ్మారైలో మెదడు ఎడమవైపు ముందు భాగంలో నాలుగు సెంటీమీటర్ల మచ్చ కనిపించింది. సర్జన్ చాలావరకు తీసేశారు, మాటకు సంబంధించిన చోటికి ఆనుకుని ఉన్న కొంచెం మాత్రం వదిలేశారు. మొదటి రిపోర్టులో "డిఫ్యూజ్ గ్లయోమా, గ్రేడ్ 2" అని ఉంది. చుట్టాలంతా అడిగింది "ఎన్నో స్టేజి?" అనే.

ఈ కణితులకు స్టేజి లెక్క పనిచేయదు. మెదడు దాటి ఊపిరితిత్తులకో కాలేయానికో పాకడం చాలా అరుదు, కాబట్టి ఎంత దూరం పాకిందని ఎవరూ కొలవరు. ఎంత దూకుడుగా పెరుగుతుందన్నదే లెక్క. పెద్దవాళ్లలో వచ్చే ఈ డిఫ్యూజ్ రకానికి గ్రేడ్ 2 నుంచి 4 వరకు ఉంటుంది. ఒకప్పుడు మైక్రోస్కోపులో కణాల రూపం చూసే గ్రేడ్ వేసేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 వర్గీకరణ వచ్చాక జన్యువుల సంగతి తేలనిదే పేరు పెట్టడం పూర్తి కాదు.

ఆ జన్యువుల్లో మొదట చూడాల్సింది ఐడీహెచ్. అందులో మార్పు ఉంటే, అంటే రిపోర్టులో "ఐడీహెచ్ మ్యూటెంట్" అని ఉంటే, కణితి సాధారణంగా నెమ్మదిగా పెరుగుతుంది. మార్పు లేకపోతే "వైల్డ్ టైప్" అంటారు. పెద్దవాళ్లలో అది మంచి వార్త కాదు. మైక్రోస్కోపులో గ్రేడ్ 2 లా సాధువుగా కనిపించినా, వైల్డ్ టైప్ అయ్యుండి టెర్ట్, ఈజీఎఫ్ఆర్ లాంటి జన్యు మార్పులు తేలితే దాన్ని గ్లయోబ్లాస్టోమా, గ్రేడ్ 4 అనే లెక్కిస్తారు. అందుకే మొదటి రిపోర్టులో "గ్రేడ్ 2" చూసి ఊపిరి పీల్చుకోవడమూ తొందరే, "క్యాన్సర్" అన్న మాట విని రాజీనామా రాయడమూ తొందరే.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. చవకగా, త్వరగా అయ్యే రంగు పరీక్ష ఐడీహెచ్ మార్పుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే ఒక్క రకాన్నే పట్టుకుంటుంది. ఈ మార్పులున్న కణితుల్లో దాదాపు పదింట తొమ్మిది అదే రకం, మిగతావి దానికి చిక్కవు. కాబట్టి 55 ఏళ్లలోపు మనిషికి "నెగెటివ్" అని వస్తే అక్కడితో వదిలేయకుండా సీక్వెన్సింగ్ చేయించారా అని అడగాలి. ముక్కను మైనంలో భద్రపరిచిన బ్లాకు ల్యాబులోనే ఉంటుంది, పరీక్ష కోసం మళ్లీ తల తెరవక్కర్లేదు.

మన ఆపరేటర్కి ఐడీహెచ్ పాజిటివ్ వచ్చింది. తర్వాత చేసిన పరీక్షలో 1పి, 19క్యూ అనే క్రోమోజోము ముక్కలు రెండూ పోయాయని తేలింది. చివరి పేరు ఆలిగోడెండ్రోగ్లయోమా, గ్రేడ్ 2. పెద్దవాళ్లలో వచ్చే డిఫ్యూజ్ గ్లయోమాల్లో ఉన్నంతలో నయమైనది ఇదే. రేడియేషన్కీ కీమోకీ బాగా లొంగుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం ఎవరూ మాట ఇవ్వరు, ఎప్పటికో మళ్లీ పెరగొచ్చు.

ఇక సెలవుల లెక్కకు వద్దాం. ఆపరేషన్ నుంచి కోలుకోవడానికి సాధారణంగా ఒకటి రెండు నెలలు పడుతుంది. ఆ తర్వాత డాక్టరు ముందు దారులు మూడు. మొదటిది కొన్ని నెలలకోసారి ఎమ్మారై తీస్తూ కనిపెట్టి ఉండటం. రెండోది వోరాసిడెనిబ్ అనే మాత్ర. ఐడీహెచ్ మార్పునే అడ్డుకునే ఈ మందుకు 2024 ఆగస్టులో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆపరేషన్ తప్ప వేరే చికిత్స తీసుకోని గ్రేడ్ 2 వాళ్లలో, కణితి మళ్లీ పెరగకుండా గడిచిన కాలాన్ని ఇది 11 నెలల నుంచి 27 నెలలకు పైగా పొడిగించింది. రోజూ వేసుకుంటూ పనికి వెళ్లొచ్చు, కాలేయ పరీక్షలు మాత్రం తప్పవు. మూడోది రేడియేషన్, దాని తర్వాత కీమో. ముప్పు ఎక్కువున్న గ్రేడ్ 2 వాళ్లకు రేడియేషన్ ఒక్కటే ఇస్తే సగం మంది 7.8 ఏళ్లు దాటి బతికారు, పీసీవీ కీమో కలిపితే 13.3 ఏళ్లు దాటారు. అంత మేలుంటే వెంటనే ఇవ్వరెందుకని అనుమానం రావచ్చు. రేడియేషన్ పడిన మెదడులో కొన్నేళ్లకు జ్ఞాపకం, ఏకాగ్రత మందగించే ప్రమాదం ఉంది. ముందు చాలా ఏళ్ల పని ఉన్న మనిషికి దాన్ని కొంత వెనక్కి జరపగలిగితే లాభమే. "ఇప్పుడే ఇవ్వాలా, ఆగితే ఏమవుతుంది?" అని డాక్టరును సూటిగా అడగండి.

రేడియేషన్ మొదలైతే వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు. నీరసం ఎక్కువయ్యేది చివరి వారాల్లోనూ, అయిపోయాక ఇంకొన్ని వారాలూ. సెలవు ముందే వాడేసుకుని సరిగ్గా అప్పుడు పనిలో దిగడం చాలామంది చేసే పొరపాటు.

తిరిగి పనిలో చేరేటప్పుడు జబ్బు పేరుకంటే ఫిట్నెస్ సర్టిఫికెట్లో రాసే షరతులు ముఖ్యం. ఫిట్స్ వచ్చిన మనిషికి తిరిగే మెషిన్లు, ఎత్తులు, డ్రైవింగ్ వద్దని స్పష్టంగా రాయించుకోవాలి. నైట్ షిఫ్టు కూడా వద్దు, నిద్ర చెడితే ఫిట్స్ తిరగబెడతాయి. స్టోర్స్, లేబుల్ తనిఖీ, రిజిస్టర్ పని అడగొచ్చు. ఫిట్స్కి ఇచ్చే లెవెటిరాసెటమ్ వల్ల కొందరికి చిరాకు, కోపం పెరుగుతాయి. సూపర్వైజరుతో గొడవలు మొదలైతే మందు మార్చే వీలుందేమో డాక్టరును అడగాలి తప్ప సొంతంగా మానకూడదు.

డబ్బు సంగతి. ఉద్యోగంలో ఉంటే ఈఎస్ఐ నుంచి ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం, అంటే నెలకు సుమారు 13,300 వస్తుంది. క్యాన్సర్ దీర్ఘవ్యాధుల జాబితాలో ఉంది. అందువల్ల ఆ తర్వాత 80 శాతం, సుమారు 15,200 చొప్పున రెండేళ్ల వరకు పొందే వీలుంది. అందుకు రెండేళ్ల సర్వీసు, అంతకుముందు నాలుగు కాంట్రిబ్యూషన్ కాలాల్లో కనీసం 156 రోజుల చందా ఉండాలి. ఈ లెక్క చూసుకోకుండా రాజీనామా ఇస్తే ముందుగా దెబ్బతినేది ఈ హక్కే. కంపెనీ గ్రూపు ఇన్సూరెన్సు ఉన్నవాళ్లకూ ఇదే ప్రమాదం. జబ్బు బయటపడ్డాక సొంతంగా కొత్త పాలసీ దొరకడం కష్టం.

అదే మనిషికి వైల్డ్ టైప్ గ్లయోబ్లాస్టోమా వచ్చుంటే నా సలహా వేరుగా ఉండేది. 2005లో స్థిరపడిన పద్ధతి ప్రకారం ఆరు వారాల రేడియేషన్తో పాటు రోజూ టెమోజోలోమైడ్, తర్వాత 28 రోజులకు ఐదు రోజుల చొప్పున ఆరు విడతలు ఇస్తారు. ఆ అధ్యయనంలో సగం మంది బతికిన కాలం 14.6 నెలలు. ఎంజీఎంటీ మిథైలేషన్ ఉంటే ఈ మందు మెరుగ్గా పనిచేస్తుంది. అక్కడ తిరిగి పనిలో చేరే తేదీ కంటే నామినీ పేర్లు, పీఎఫ్ వివరాలు, బ్యాంకు కాగితాలు మాటా ఆలోచనా బాగున్నప్పుడే సరిచేసుకోవడం ముందు పని. అప్పుడు కూడా రాజీనామా తొందరపడి ఇవ్వొద్దు. ఉద్యోగంలో ఉండగా పోతే కుటుంబానికి పీఎఫ్తో ముడిపడిన బీమా సొమ్ము అందుతుంది.