అడ్వాన్సు తిరిగి ఇవ్వమని ఓనరుకు రాసే ఉత్తరం

రామన్నపేటలో కిరాయికి ఉండి, బదిలీ మీద ఇల్లు ఖాళీ చేసిన ఉద్యోగిని ఉదాహరణగా తీసుకుందాం. నెల కిరాయి 6,000, అడ్వాన్సు 18,000. తాళాలు ఇచ్చి మూడు వారాలైంది. ఫోన్ చేస్తే ఓనరు "రంగులు వేయించాలె, లెక్క చూసి చెప్త" అంటున్నారు. ఇక ఫోన్లు ఆపి ఉత్తరం రాయాలి. అందులో కోపం ఉండకూడదు, లెక్క ఉండాలి. రేపు జడ్జి చదివినా అర్థమయ్యేలా రాయాలి.

"గౌరవనీయులైన ఓనరు గారికి నమస్కారం. మీ ఇంట్లో 2024 జులై 1 నుంచి 2025 మే 31 వరకు కిరాయికి ఉన్నాను. అడ్వాన్సు 18,000 రూపాయలు మీ బ్యాంకు ఖాతాకు పంపాను. మే నెల వరకు కిరాయి కట్టి, 31న తాళాలు మీ చేతికి ఇచ్చాను. నేను ఇవ్వాల్సినవి రెండు: చివరి కరెంటు బిల్లు 740, విరిగిన నల్లా 450. అవి పోను 16,810 రూపాయలు నాకు రావాలి. గోడల రంగు వెలిసింది వాడకం వల్లే, అగ్రిమెంటులో రంగుల ఖర్చు నాదని లేదు. జులై 5లోగా ఈ మొత్తం నా ఖాతాలో వేయగలరు. ఇంకేమైనా కోత ఉందంటే బిల్లు పంపండి."

మనం ఇవ్వాల్సింది మనమే ముందు ఒప్పుకుంటే మిగతా లెక్కకు బలం వస్తుంది. అయితే రంగులు కిరాయిదారే వేయించాలని అగ్రిమెంటులో రాసుకుని ఉంటే మాత్రం ఆ ఖర్చు కాదనడం కష్టం. అందుకే ముందు అగ్రిమెంటు చదివి, తర్వాత ఉత్తరం రాయండి.

అగ్రిమెంటు, డబ్బు పంపిన బ్యాంకు స్టేట్‌మెంటు, ఖాళీ చేసిన రోజు తీసిన గదుల ఫొటోలు, మీటరు రీడింగు ఫొటో, వీటి నకళ్లు జతచేయండి. అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి. ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులో పంపి, రశీదు, అందినట్టు రుజువు దాచుకోండి. అదే ఉత్తరం ఫొటో తీసి వాట్సాప్‌లో కూడా పెట్టండి. ఓనరు కొంత డబ్బే ఇస్తే తీసుకోవచ్చు గానీ, "మొత్తం ముట్టింది" అని సంతకం పెట్టకండి.

గడువు దాటినా జవాబు రాకపోతే రామన్నపేట కోర్టులోని మండల న్యాయ సేవా కమిటీకి దరఖాస్తు ఇవ్వండి. లోక్ అదాలత్‌కు ఫీజు లేదు. అక్కడ ఇద్దరూ ఒప్పుకున్న రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. ఓనరు రాజీకి ఒప్పుకోకపోతే మిగిలేది సివిల్ దావా. దానికి గడువు మూడేళ్లు. ఫోన్లలో వాయిదాలు వింటూ ఆ మూడేళ్లు పోగొట్టుకోకండి. తాళాలు ఇచ్చిన నెల రోజుల్లోపే ఉత్తరం పోస్టు చేయండి.