ఊయల దగ్గర గొడవైతే: చేయవలసినవి, చేయకూడనివి

ఆటస్థలంలో ఇద్దరు పిల్లలు కొట్టుకుంటే పెద్దలు వెంటనే చేసే పనులు రెండు. మొదటిది, "ఎవరు ముందు కొట్టారు?" అని విచారణ. రెండోది, "ఇద్దరూ సారీ చెప్పుకోండి, షేక్ హ్యాండ్ ఇచ్చుకోండి" అని తీర్పు. అరనిమిషంలో గొడవ సద్దుమణిగినట్టే కనిపిస్తుంది. తర్వాతి ఆటల పీరియడ్‌లో అదే ఊయల దగ్గర అదే ఇద్దరు మళ్లీ కలబడతారు. ఊయల ఎవరిదన్న సమస్య అలాగే ఉండిపోయింది, దాన్ని మాటలతో తేల్చుకోవడం వాళ్లకు ఎవరూ చూపించలేదు.

నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లలకు కోపం వస్తుంది కానీ దాన్ని చెప్పే వాక్యం నోటికి రాదు. అందుకే చేయి వస్తుంది, లేదా "నీతో కటీఫ్" వస్తుంది. ఆ వాక్యాన్ని సగం మనం అందిస్తే మిగతా సగం వాళ్లే పూర్తి చేస్తారు. ఒకటో తరగతి టీచర్, అంగన్‌వాడీ టీచర్, అపార్ట్‌మెంట్ పార్కులో పిల్లల్ని చూసుకునే అమ్మమ్మ, తాతయ్య ఎవరైనా వాడుకోగల వరస ఇది. ఇందులో వరస మారకూడదు. ముందు దెబ్బలు చూడాలి, తర్వాత కోపం చల్లారాలి, ఆ తర్వాతే మాటలు. పరిష్కారం చివర్లో వస్తుంది.

1. ముందు దెబ్బలు చూడండి

చేయవలసినవి
- పరుగెత్తకుండా, అరవకుండా వెళ్లి ఇద్దరి మధ్య మోకాళ్ల మీద కూర్చోండి. మీ కళ్లు వాళ్ల కళ్ల ఎత్తులో ఉండాలి.
- కొట్టడం ఆగకపోతే చేతుల్ని మెల్లగా పట్టుకుని, "కొట్టనివ్వను. ఇద్దరికీ దెబ్బ తగలకూడదు" అని ఒక్కసారి చెప్పండి.
- కొరికిన చోట చర్మం తెగితే ధారగా పడే నీళ్లతో, సబ్బుతో కడిగి డాక్టరుకు చూపించండి.
- తలకు దెబ్బ తగిలితే ఆ రోజంతా గమనించండి. వాంతి, మగత, తికమకగా మాట్లాడటం, నడకలో తూలడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. అవసరమైతే 108కి ఫోన్ చేయండి.
- గొడవ పడ్డ వస్తువును మీ చేతిలోకి తీసుకోండి. "మాట్లాడుకునేదాకా ఇది నా దగ్గర ఉంటుంది" అని చెప్పండి.

చేయకూడనివి
- ఏడుస్తున్న బిడ్డను ఓదార్చి, రెండో బిడ్డకు వీపు చూపించకండి. ఏడవనివాడికీ దెబ్బ తగిలి ఉండవచ్చు.
- ఎవరినీ కొట్టకండి, గోడకుర్చీ వేయించకండి. విద్యాహక్కు చట్టం (2009) 17వ సెక్షన్ బడిలో శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది.

2. కోపం చల్లారాకే మాటలు

వెక్కుతున్న పిల్లాడికి ప్రశ్న అర్థం కాదు. మంచినీళ్లు తాగించి, నీడలో కూర్చోబెట్టండి. చల్లారాడో లేదో తెలుసుకోవడానికి గొడవతో సంబంధం లేని చిన్న ప్రశ్న వేయండి: "నీ వాటర్ బాటిల్ ఏ రంగు?" మామూలు గొంతుతో జవాబు వస్తే సిద్ధంగా ఉన్నట్టు. తల తిప్పేసుకున్నా, పిడికిలి బిగించే ఉన్నా ఇంకాస్త ఆగాలి. కొందరికి రెండు నిమిషాలు చాలు, కొందరికి ఆటల పీరియడ్ అంతా పడుతుంది. ఇద్దరూ ఒకేసారి చల్లారరు కాబట్టి, ముందు తేరుకున్నవాళ్లను రెండోవాళ్ల కోసం ఆగమని చెప్పండి.

చేయవలసినవి
- మీకు కనిపిస్తున్న భావాన్ని మీరే పైకి చెప్పండి: "నీకు చాలా కోపంగా ఉన్నట్టుంది నాన్నా." "నీకు ఏడుపొస్తోంది కదమ్మా."

చేయకూడనివి
- "ఇంత చిన్నదానికే ఏడుస్తారా?", "మగపిల్లాడివి, ఏడవకూడదు" అనకండి. భావాన్ని కొట్టిపారేస్తే దాని పేరు చెప్పడం పిల్లలు మానేస్తారు.

3. వాక్యం సగం మీది, సగం వాళ్లది

ఈ ఐదు వాక్యాలు తరగతి గోడ మీద పెద్ద అక్షరాలతో ఉంటే మంచిది. చదవడం రాని పిల్లల కోసం పక్కన ముఖాల బొమ్మలు అతికించండి. నాలుగేళ్లవాళ్లకు కోపం, ఏడుపు, భయం, సంతోషం అనే నాలుగు బొమ్మలు చాలు. ఆరేళ్లకు సిగ్గు, బాధ, అసూయ చేర్చవచ్చు.

- ఏం జరిగింది: "నువ్వు ______ నప్పుడు నాకు ______ వచ్చింది (లేదా వేసింది)."
- ఏం కావాలి: "నాకు ______ కావాలి."
- ఏం విన్నాను: "నీకు ______ వచ్చింది, ఎందుకంటే నేను ______."
- ఏం చేద్దాం: "ఈసారి మనం ______ చేద్దామా?"
- ఎలా సరిచేస్తాను: "నీకు బాగుండటానికి నేను ______ చేస్తాను."

చేయవలసినవి
- మాట్లాడేవాళ్ల చేతికి డస్టరో బంతో ఇవ్వండి. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి, రెండోవాళ్లు వినాలి.
- మొదటి ఖాళీలో చేసిన పని మాత్రమే రావాలి. "గొలుసు లాగినప్పుడు" సరైనది. "నువ్వు చెడ్డోడివి కాబట్టి" అంటే, "వాడు ఏం చేశాడో చెప్పు" అని మళ్లీ అడగండి.
- మాట దొరకకపోతే రెండు మాటలిచ్చి ఎంచుకోమనండి: "కోపం వచ్చిందా, భయమేసిందా?"

చేయకూడనివి
- "ఎందుకు కొట్టావు?" అని అడగకండి. ఐదేళ్ల పిల్లలకు ఆ జవాబు నిజంగా తెలియదు. బిగుసుకుపోతారు, లేదా కథ అల్లుతారు. "ఏం జరిగింది?" అంటే చెప్పగలుగుతారు.
- "నువ్వు ఎప్పుడూ ఇంతే" అని మీరు అనకండి, వాళ్లనూ అననివ్వకండి. ఈ రోజు గొడవ ఒక్కటే మాట్లాడాలి.
- చుట్టూ చేరిన పిల్లల్ని సాక్ష్యం అడగకండి. వాళ్లను ఆటకు పంపేయండి. గుంపు ముందు ఎవరూ తగ్గరు.

ఒక గొడవ, మొదటి నుంచి చివరి దాకా

ఒకటో తరగతిలో లాస్య, చరణ్ ఉన్నారనుకుందాం. మధ్యాహ్న భోజనం తర్వాత లాస్య ఊయల ఊగుతోంది. ఎంతసేపటికీ దిగకపోవడంతో చరణ్ గొలుసు పట్టుకుని లాగాడు. లాస్య ఇసుకలో పడింది. లేచి అతని చొక్కా పట్టుకు గుంజితే గుండీ ఊడింది. టీచర్ వచ్చి ఇద్దరి మోచేతులు, మోకాళ్లు చూశారు, నీళ్లు తాగించారు. కాసేపాగి డస్టర్ లాస్య చేతికిచ్చారు.

టీచర్: "నువ్వు... నప్పుడు నాకు..."
లాస్య: "నువ్వు గొలుసు లాగినప్పుడు నాకు భయమేసింది. పడిపోయాను."
టీచర్: "చరణ్, లాస్య ఏం చెప్పింది? నీకు..."
చరణ్: "నీకు భయమేసింది, ఎందుకంటే నేను గొలుసు లాగాను."

ఇప్పుడు డస్టర్ చరణ్ చేతికొచ్చింది.

చరణ్: "నువ్వు దిగనప్పుడు నాకు కోపమొచ్చింది. నాకెప్పుడూ చాన్స్ రాదు."
టీచర్: "ఈ రోజు సంగతి చెప్పు నాన్నా. నీకేం కావాలి?"
చరణ్: "నాకు ఊయల ఊగాలనుంది."
లాస్య: "నీకు కోపమొచ్చింది, ఎందుకంటే నేను దిగలేదు."

ఇక్కడ టీచర్ సమస్యను ఒక్క మాటలో చెప్పారు: "ఊయల ఒకటి. ఊగాలనుకునేవాళ్లు ఇద్దరు. ఏం చేద్దాం?" ఇందులో దొంగ లేడు, దొర లేడు. తప్పొప్పుల సంగతి పక్కకు పోయి, ఇద్దరూ కలిసి తీర్చాల్సిన లెక్క మిగిలింది.

మొదటి ఉపాయం లాస్యది: "వాడు ఇంక ఊయల ఎక్కకూడదు." టీచర్ కాదనలేదు. "చరణ్, నీకు సరేనా?" అని అడిగారు. కాదన్నాడు. రెండోది చరణ్‌ది: "ఇద్దరం ఒకేసారి కూర్చుంటాం." దీన్ని మాత్రం టీచరే ఆపారు, ఒకరు కూర్చునే పలక మీద ఇద్దరెక్కితే పడతారు కాబట్టి. ప్రమాదం ఉన్నచోట తప్ప పిల్లల ఉపాయాన్ని పెద్దలు తోసేయకూడదు. మూడోది, ఇరవై లెక్కపెట్టేదాకా ఒకరు, తర్వాత ఇంకొకరు. ఇద్దరూ సరేనన్నారు.

అంతటితో పూర్తికాదు. ఎవరు లెక్కపెట్టాలి? నిలబడ్డవాళ్లు లెక్కిస్తే గబగబా ఇరవైకి చేరుకుంటారు. ఊగేవాళ్లు లెక్కిస్తే పన్నెండు దగ్గర సాగదీస్తారు. అందుకని ఇద్దరూ కలిసి పైకి లెక్కపెట్టాలని తేల్చుకున్నారు. ఎదురుచూసేవాళ్లు నిలబడటానికి, ఊయల తగలనంత దూరంలో టీచర్ ముగ్గుపిండితో గీత గీశారు. ఎక్కడ నిలబడాలి, ఎవరు లెక్కించాలి అన్న వివరాలు తేలని ఒప్పందం నిలవదు. తిరిగి గొడవ మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

4. సారీ సంగతి

చేయవలసినవి
- "నీకు బాగుండటానికి నేను..." అన్న వాక్యాన్ని పూర్తి చేయనివ్వండి. లాస్య ఇసుకలో గుండీ వెతికి ఇచ్చింది. చరణ్ ఆమె గౌను మీద ఇసుక దులిపాడు. తనంతట తాను సారీ చెబితే సంతోషమే.

చేయకూడనివి
- సారీ చెప్పేదాకా నిలబెట్టకండి, బలవంతంగా చేయి కలిపించకండి. అలా నేర్చుకున్న సారీ తప్పించుకునే దారి అవుతుంది. కొట్టి, సారీ అనేసి, మళ్లీ కొడతారు.
- గేటు దగ్గర ఇద్దరి తల్లిదండ్రులనూ ఎదురెదురుగా నిలబెట్టి పంచాయతీ పెట్టకండి. ఏం జరిగిందో, పిల్లలు ఏం తేల్చుకున్నారో ఇద్దరి ఇళ్లకూ ఒకే మాటల్లో విడివిడిగా చెప్పండి.

5. ఈ పద్ధతి వాడకూడని చోట్లు

సమాన బలమున్న ఇద్దరి మధ్య గొడవకే ఈ వరస పనికొస్తుంది. ఒకే బిడ్డ పదేపదే బాధపడుతున్నా, అవతల పెద్ద పిల్లలో గుంపో ఉన్నా అది గొడవ కాదు, వేధింపు. జవాబు చెప్పేముందు బిడ్డ అవతలివాళ్ల ముఖం చూస్తుందా? ఆటల పీరియడ్ రాగానే కడుపునొప్పి అంటోందా? అలాంటప్పుడు ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టకూడదు. బాధపడ్డ బిడ్డకు అది రెండో శిక్ష. విడిగా మాట్లాడండి, వేధింపు ఆపే బాధ్యత పెద్దలే తీసుకోండి.

మాటల మధ్య బిడ్డ తనను ఎవరో తాకకూడని చోట తాకారనో, ఎవరికీ చెప్పొద్దని బెదిరించారనో అంటే వాక్యాలు పూరించే పని అక్కడితో ఆపేయండి. గుచ్చిగుచ్చి అడగకండి. "నాకు చెప్పి మంచి పని చేశావు" అని చెప్పండి. విషయం తెలిసినవారు పోలీసులకు తెలియజేయాలి. పోక్సో చట్టం (2012) ప్రకారం అది తప్పనిసరి. పిల్లల హెల్ప్‌లైన్ 1098.

6. తర్వాతి ఆటల పీరియడ్‌లో

ఒప్పందం నిలిచిందో లేదో మర్నాడు ఊయల దగ్గర నిలబడి చూడండి. లెక్క తప్పితే మందలించకుండా "మనం ఏం అనుకున్నాం?" అని గుర్తుచేయండి. గొడవ లేని రోజుల్లోనూ, ఉదయం వరసలో కూర్చున్నప్పుడు బొమ్మలతో ఈ వాక్యాలు ఆడించండి. ప్రశాంతంగా ఉన్నప్పుడు నోటికి రాని వాక్యం కోపంలో రాదు. మొదట్లో మీరే ఐదు వాక్యాలూ అందించాల్సి వస్తుంది. తర్వాత "నువ్వు..." అని ఆపితే చాలు, వాళ్లు అందుకుంటారు. మిమ్మల్ని పిలవకుండానే గీత దగ్గర నిలబడి ఇద్దరూ లెక్కపెట్టుకుంటుంటే మీరు దగ్గరికి వెళ్లకండి. దూరం నుంచి చూస్తే చాలు.