వరుస తప్పని లెక్క

సోషల్ మాస్టారుగా పనిచేసినంత కాలం పిల్లల్ని నాగార్జునసాగర్, నాగార్జునకొండ, ఎత్తిపోతల చూపించడానికి తీసుకెళ్లే బాధ్యత నాదే. ఇప్పుడు మా బడిలో ఆ పని చూస్తున్న కుర్ర మాస్టార్లు వచ్చి అడిగితే చెప్పిన మాటలివి.

1. సీట్లు బస్సెక్కేటప్పుడు కాదు, ముందురోజు క్లాసులోనే ఇవ్వండి. బస్సు దగ్గర ఇస్తే కిటికీ కోసం తోపులాట తప్పదు. పైగా ఎవరు ఎక్కడ కూర్చున్నారో మీ దగ్గర కాగితమంటూ ఉండదు. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు కూర్చునే 36 సీట్ల బస్సు అనుకుందాం. అంటే తొమ్మిది వరుసలు. మీ పిల్లలు 31 మంది, పెద్దలు ముగ్గురు. మొదటి వరుసలో తలుపు వైపు ఒక టీచరు, ఒక ఆయా. రెండో వరుస నుంచి ఎనిమిదో వరుస దాకా నలుగురు చొప్పున 28 మంది పిల్లలు. చివరి వరుసలో ముగ్గురు పిల్లలు, వాళ్ల పక్కన ఇంకో టీచరు. వాంతులయ్యే పిల్లల్ని రెండు, మూడు వరుసల్లో కిటికీ పక్కన కూర్చోబెట్టండి. వెనక చక్రాల మీదుండే సీట్లలో కుదుపు ఎక్కువ, అక్కడ వాళ్లకు ఇంకా కడుపులో తిప్పుతుంది.

ఆ నలుగురి వరుసే మీ లెక్కకు ఆధారం. వరుసకో లీడరుంటాడు. కిటికీ సీటు వంతులవారీగా మార్చుకోవాలనుకుంటే ఆ నలుగురిలోనే మార్చుకోవాలి. పక్క వరుసకు మారకూడదు. ఇద్దరిద్దరిని జత కలిపే పద్ధతి చాలా బడుల్లో ఉంది. నాకది నచ్చలేదు. స్నేహితులిద్దరూ కలిసి ఐస్‌క్రీమ్ బండి దగ్గరే ఉండిపోతే, జతలో ఒకరు రాలేదని చెప్పేవాళ్లే ఉండరు. నలుగురూ ఒకేసారి తప్పిపోవడం అరుదు.

2. పైన చెప్పిన అమరికలో రెండు సీట్లు మిగిలాయి గదా, మొదటి వరుసలో రెండోవైపు. అవి అక్కడే మిగలాలి. ఒంట్లో బాగాలేని పిల్లవాణ్ణి పడుకోబెట్టడానికి అవి అవసరమవుతాయి. అంతకంటే పెద్ద కారణం ఇంకోటి ఉంది. ఖాళీ సీటు ఎక్కడుండాలో ముందే తెలిస్తే, వేరేచోట ఖాళీ కనబడగానే ఒకరు తక్కువని కన్నే చెబుతుంది. ఖాళీలు స్టాపు స్టాపుకీ మారుతుంటే ఏది మామూలు ఖాళీయో, ఏది తప్పిపోయిన పిల్లవాడిదో తెలియదు. ఎవరైనా అక్కడ పడుకుంటే, వాళ్ల సీట్లో వాళ్ల సంచి పెట్టించండి.

3. "అందరూ వచ్చారా?" అని అడగొద్దు. ఆ ప్రశ్నకు "వచ్చాం సార్" అనే జవాబు తప్ప ఇంకోటి రాదు. రానివాడు అక్కడ లేడు, ఉన్నవాళ్లకు తొందర. తలుపు వేయించి, అందరినీ కూర్చోబెట్టి, వెనక నుంచి ముందుకు నడుస్తూ "అయిదో వరుస, ఎవరు లేరు?" అని అడగండి. లీడరు తన వరుస చూసుకుని "నలుగురం" అంటాడు. మీరూ కళ్లతో చూడండి. నిద్రపోయి సీటు కిందికి జారిన పిల్లలుంటారు. తలలు చూసి మాత్రమే లెక్కేస్తే వాళ్లు కనబడరు. తలుపు దగ్గర నిలబడి ఎక్కేవాళ్లను లెక్కపెట్టడం అసలే పనికిరాదు. నీళ్లసీసా మరిచిపోయానని దిగి మళ్లీ ఎక్కినవాడు రెండుసార్లు లెక్కలోకొస్తాడు. రెండో పెద్దమనిషి ముందు నుంచి వెనక్కి విడిగా లెక్కపెట్టాలి. మొదటి అంకె ఆయనకు ముందే చెప్పకండి, చెబితే అదే వస్తుంది.

4. రెండు బస్సులుంటే మొత్తం సరిపోయిందని ఊరుకోవద్దు. ఒక ఏడాది ఎత్తిపోతలలో మాతోపాటే ఇంకో బడివాళ్లు వచ్చారు. వాళ్లవీ రెండు బస్సులే, బస్సుకు 40 మంది. నాగార్జునకొండ నుంచి తిరిగొచ్చాక మొదటి బస్సు కుర్రాడొకడు స్నేహితుడి కోసం రెండో బస్సెక్కాడు. ఒకదాంట్లో 39, ఇంకోదాంట్లో 41. టీచర్లు ఫోన్లో మాట్లాడుకున్నారు, మొత్తం 80, సరిపోయింది. ఎత్తిపోతల చూశాక మొదటి బస్సు మాస్టారు లెక్కపెడితే 39. "ఇందాకటి లెక్కే" అనుకుని బయలుదేరారు. రెండో బస్సులో ఈసారి లెక్కపెట్టింది వేరే టీచరు. ఆవిడ చేతిలో కాగితం మీద 40 అని ఉంది, లెక్కా 40 వచ్చింది. ఆ బస్సూ వెళ్లిపోయింది. రెండు లెక్కలూ సరైనవే. ఇద్దరికీ అనుమానం రావడానికి కారణమే లేదు. ఆ కుర్రాడు మాత్రం టికెట్ల గది దగ్గర ఏడుస్తూ మాకు కనిపించాడు. మెడలోని ఐడీ కార్డు మీది నంబరుకు ఫోన్ చేసేసరికి బస్సులు మాచర్ల దాటాయి.

అందుకే ఏ బస్సు పిల్లవాడు ఆ బస్సులోనే వెళ్లాలి. ఎంత బతిమాలినా ఒప్పుకోవద్దు. పొద్దున ఎవరైనా రాకపోతే బయలుదేరే ముందే కాగితం మీద వాళ్ల పేరు కొట్టేసి, కొత్త అంకె వేసి, పెద్దలందరికీ చెప్పండి. దారిలో తల్లిదండ్రులెవరైనా పిల్లవాణ్ణి తీసుకెళ్తే సంతకం పెట్టించుకుని అంకె మార్చండి. ఆ అంకె పిల్లలదేనా, పెద్దలతో కలిపా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. నేనైతే పిల్లల్నే లెక్కపెట్టేవాణ్ణి.

5. లాంచీ దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి. నాగార్జునకొండ ఇప్పుడు జలాశయం మధ్య దీవి, లాంచీ తప్ప దారి లేదు. మీ వాళ్లందరికీ ఒకే లాంచీలో చోటు దొరక్కపోవచ్చు. అప్పుడు వరుసల ప్రకారమే విడదీయండి. రెండు నుంచి అయిదు దాకా ఇందులో, మిగతావాళ్లు తర్వాతి దాంట్లో. ఒక వరుసను ఎప్పుడూ సగానికి చీల్చొద్దు. రేవులో ఎక్కకముందు ఒక లెక్క, దీవిలో దిగాక ఒకటి, మ్యూజియం నుంచి బయటికొచ్చాక ఒకటి, తిరుగు లాంచీ కదలకముందు ఇంకోటి. మ్యూజియం తర్వాతి లెక్క చాలామంది వదిలేస్తారు, నా లెక్కలో అదే ముఖ్యం. అక్కడ తక్కువొస్తే వెతకడానికి దీవి ఒక్కటే. రేవుకొచ్చాక తెలిస్తే లాంచీ ఆపమని బతిమాలుకోవాలి.

6. "రైట్" అనే మాట ఒక్కరి నోటే రావాలి. క్లీనర్లకు తలుపు వేయగానే "రైట్ రైట్" అనడం అలవాటు. డ్రైవర్లకు అది వినగానే గేరు వేయడం అలవాటు. పొద్దున్నే ఇద్దరినీ పిలిచి, లెక్క చూసిన టీచరు వచ్చి చెబితేనే బండి కదలాలని మర్యాదగా చెప్పండి. నేనడిగితే కాదన్న డ్రైవరు లేడు.

7. ఒకరు తక్కువొస్తే పిల్లల్ని వెతకడానికి పంపొద్దు, ఒకరి కోసం నలుగురు పోతారు. బస్సు తలుపు వేసే ఉంచండి. ముందు కాగితం చూసి వరుసవారీగా పేర్లు పిలవండి, ఎవరు లేరో తెలుస్తుంది. తర్వాత ఆ వరుసలోని మిగతా ముగ్గురినీ ఎక్కడ చివరిసారి చూశారో అడగండి. ఒక టీచరు అక్కడికి, ఇంకొకరు మరుగుదొడ్ల దగ్గరికి వెళ్లాలి. రెండో బస్సుకు ఫోన్ చేసి, అక్కడే ఆగి వాళ్ల పిల్లల్నీ పేర్లతో చూసుకోమనండి.

ఈ సీట్ల కాగితం ఒక కాపీ మీ దగ్గర, ఒకటి రెండో టీచరు దగ్గర, ఒకటి రెండో బస్సులో, ఒకటి బడిలో హెడ్మాస్టరు బల్ల మీద ఉండాలి. పేరు పక్కన ఇంటి ఫోన్ నంబరు, స్టాపుకో గడి పెట్టండి. వచ్చే టూరుకు వెళ్లే ముందు ఆ గడులు గీసిన కాగితం నాకోసారి చూపించండి.