డిస్క్ కనపడట్లేదా? ఎవరికి?

కంప్యూటర్‌లో రెండో డిస్క్ బిగించి ఆన్ చేస్తాం. This PC తెరిస్తే పాత C: ఒక్కటే ఉంటుంది. చాలామంది వెంటనే "కొత్తది చెడిపోయింది, వాపస్ ఇచ్చేద్దాం" అంటారు. కానీ "కనపడట్లేదు" అనేది సగం మాటే. ఎవరికి కనపడట్లేదో కూడా చెప్తేనే పూర్తవుతుంది.

డిస్క్‌ని చూసేవాళ్ళు ముగ్గురు. మొదట మదర్‌బోర్డు చూస్తుంది, అది చూసిందో లేదో బయోస్‌లో తెలుస్తుంది. తర్వాత విండోస్ చూస్తుంది, అది Disk Management లో తెలుస్తుంది. చివర మనం చూస్తాం, This PC లో. ముందువాళ్ళు చూడకపోతే వెనకవాళ్ళు చూడలేరు. కాబట్టి డిస్క్ ఎవరి దగ్గర ఆగిపోయిందో కనుక్కుంటే, తప్పు ఎక్కడుందో సగం తెలిసినట్టే.

ఒక ఉదాహరణతో చూద్దాం. మా చిన్నాయనకు ధర్మవరంలో పట్టుచీరల డిజైన్లు గీసే చిన్న అంగడి ఉంది. అంచు, కొంగు డిజైన్లను కంప్యూటర్‌లో గళ్ళు గళ్ళుగా గీసి జకార్డ్ మగ్గాలవాళ్ళకు ఇస్తాడు. ఒక్కో డిజైన్‌కి రోజులు పడతాయి. ఏళ్ళుగా గీసినవన్నీ ఒకే ఒక్క 240 జీబీ ఎస్ఎస్‌డీలో ఉన్నాయి. అది పోతే అంతా పోయినట్టే. అందుకే ఇంకో కాపీ పెట్టుకోడానికి 1 టీబీ హార్డ్ డిస్క్ కొన్నాడు. సెలవులకి పెనుకొండ వచ్చినప్పుడు నేను వెళ్ళి బిగించాను. This PC లో మాత్రం ఏమీ రాలేదు.

మొదట బయోస్

స్క్రూడ్రైవర్ మళ్ళీ పట్టుకునే ముందు బయోస్ చూడటం మంచిది. కంప్యూటర్ ఆన్ అవుతుండగానే Delete గానీ F2 గానీ నొక్కుతూ ఉంటే చాలా బోర్డుల్లో అది తెరుచుకుంటుంది. అందులో ఏ సాటా పోర్టుకి ఏ డిస్క్ తగిలించి ఉందో లిస్టు ఉంటుంది. మన డిస్క్ పేరు అక్కడ ఉంటే వైర్లు బాగానే ఉన్నట్టు, డబ్బా విప్పాల్సిన పనే లేదు. లేకపోతే విండోస్‌లో ఎంత వెతికినా దండగే.

చిన్నాయన కంప్యూటర్‌లో లిస్టులో ఎస్ఎస్‌డీ ఒక్కటే ఉంది. అంటే మదర్‌బోర్డుకే కొత్త డిస్క్ కనపడట్లేదు.

తర్వాత వైర్లు

కంప్యూటర్ ఆఫ్ చేసి, ప్లగ్గు గోడ నుంచి తీసేసి డబ్బా విప్పాలి. సాటా డిస్క్‌కి రెండు వైర్లు ఉంటాయి. వెడల్పుగా ఉండేది కరెంటుది, పవర్ సప్లై నుంచి వస్తుంది. సన్నగా ఉండేది డేటాది, మదర్‌బోర్డుకి వెళ్తుంది. ఒక్కటి వదులుగా ఉన్నా డిస్క్ కనపడదు.

ఏ వైరు తేడానో చెప్పడానికి హార్డ్ డిస్క్‌కి ఒక సులువైన పరీక్ష ఉంది. ఆన్ చేసిన కొన్ని సెకన్లకి లోపలి పళ్ళెం తిరగడం మొదలౌతుంది. డిస్క్ పక్కన వేలు ఆనిస్తే సన్నగా అదురు తెలుస్తుంది. అదురు లేకపోతే ముందు కరెంటు వైరునే అనుమానించాలి. ఇంకో కరెంటు వైరు పెట్టినా తిరగకపోతే అప్పుడు డిస్క్‌నే అనుమానించాలి. ఎస్ఎస్‌డీలో తిరిగేది ఏమీ ఉండదు కాబట్టి దానికి ఈ పరీక్ష పనికిరాదు.

మా డిస్క్ తిరుగుతోంది. కాబట్టి కరెంటు వస్తోంది. డేటా వైరు మార్చి చూశాం, బయోస్‌లో రాలేదు. ఇక మిగిలింది పోర్టు.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. చాలా మదర్‌బోర్డుల్లో ఎం.2 స్లాట్, ఏదో ఒక సాటా పోర్టు ఒకే దారిని పంచుకుంటాయి. ఎం.2 లో ఎస్ఎస్‌డీ ఉంటే ఆ పోర్టు తనంతట తానే ఆగిపోతుంది. పోర్టు చూడ్డానికి బాగానే ఉంటుంది, వైరూ టక్కుమని కూర్చుంటుంది, కానీ పని చెయ్యదు. ఏ పోర్టు ఆగిపోతుందనేది బోర్డుని బట్టి, ఎస్ఎస్‌డీ రకాన్ని బట్టి మారుతుంది. బోర్డు మాన్యువల్‌లో రాసి ఉంటుంది. చిన్నాయన బోర్డులో ఎం.2 ఎస్ఎస్‌డీ ఉంది, మేము వైరు పెట్టింది మొదటి పోర్టుకి. మాన్యువల్ చూస్తే ఆగిపోయేది సరిగ్గా అదే. వైరుని మూడో పోర్టుకి మార్చగానే బయోస్‌లో డిస్క్ పేరు వచ్చింది.

చివరికి విండోస్

అయినా This PC లో రాలేదు. ఈసారి కంగారు పడక్కర్లేదు, ఎందుకంటే పూర్తిగా కొత్త డిస్క్ రాకపోవడమే మామూలు. అది గీతలు కూడా కొట్టని తెల్ల నోటుబుక్కు లాంటిది. విండోస్ లెటర్ ఇచ్చేది డిస్క్‌కి కాదు, దానిమీద చేసుకున్న భాగానికి.

విండోస్ కీ, R కలిపి నొక్కి ఇది టైప్ చెయ్యాలి:

```
diskmgmt.msc
```

Disk Management తెరుచుకుంది. కింద Disk 1 అని, Not Initialized అని, పక్కన నల్ల గీత కింద Unallocated అని ఉంది. దాంతోపాటే Initialize Disk అని ఒక బాక్సు వచ్చింది. చిన్నాయన "ఏమప్పా, ఓకే కొట్టేద్దామా?" అన్నాడు. "ఉండు చిన్నాయనా, సైజు చూద్దాం" అన్నాను.

సైజు 931 జీబీ అని ఉంది. తయారుచేసేవాళ్ళు 1 టీబీ అంటే లక్ష కోట్ల బైట్లని లెక్కపెడతారు. విండోస్ ఒక జీబీని 1024 × 1024 × 1024 బైట్లుగా లెక్కపెడుతుంది. అలా భాగిస్తే 931 వస్తుంది. కాబట్టి ఇది కొత్త డిస్కే, డిజైన్లున్న ఎస్ఎస్‌డీ కాదు. అప్పుడు జీపీటీ ఎంచుకుని ఓకే కొట్టాం. నల్ల గీత మీద రైట్ క్లిక్ చేసి New Simple Volume, తర్వాత ఎన్‌టీఎఫ్‌ఎస్, E: లెటర్. This PC లో డిస్క్ వచ్చేసింది.

సైజు ఎందుకు చూడమన్నానంటే, ఇదే బాక్సు పాత డిస్క్‌కి కూడా రావచ్చు. ఫైళ్ళున్న డిస్క్‌ని ఇంకో కంప్యూటర్‌లోంచి తీసి పెట్టినప్పుడు Not Initialized అనో, RAW అనో వస్తే దాని పట్టిక చదవడానికి రావట్లేదని అర్థం. ఫైళ్ళు లోపల ఇంకా ఉండొచ్చు. అప్పుడు ఓకే కొడితే పాత పట్టిక ఉండాల్సిన చోట కొత్తది రాస్తుంది. ఆ తర్వాత ఫార్మాట్ కూడా చేస్తే ఫైళ్ళు వెనక్కి తేవడం మరీ కష్టం. కొత్త డిస్క్‌కి ఓకే, ఫైళ్ళున్న డిస్క్‌కి Cancel. Cancel కొట్టి, ఆఫ్ చేసి, ముందు వైరూ పోర్టూ మార్చి చూడాలి. అప్పటికీ రాకపోతే దానిమీద ఏమీ రాయకుండా డేటా రికవరీ తెలిసినవాళ్ళకి ఇవ్వాలి.

పాత డిస్క్ మీద నీలం గీతతో Healthy అని ఉండి, లెటర్ మాత్రం లేకపోతే అది చిన్న పనే. రైట్ క్లిక్, Change Drive Letter and Paths, Add. ఇందులో ఫైళ్ళకి ఏమీ కాదు.

డిజైన్లు కాపీ అయ్యాక E: లోంచి నాలుగైదు ఫైళ్ళు తెరిచి చూశాం. కాపీ నిజంగా ఉందని అప్పుడే చెప్పగలం. ఇంకో మాట కూడా చిన్నాయనకి చెప్పాను. రెండు డిస్కులూ ఒకే డబ్బాలో, ఒకే పవర్ సప్లై మీద ఉన్నాయి. ఎస్ఎస్‌డీ ఒక్కటే పోతే ఈ కాపీ కాపాడుతుంది. పిడుగు పడి వోల్టేజీ ఎగదన్నితే రెండూ కలిసే పోవచ్చు. అందుకే నెలకోసారి ఒక పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసి ఇంట్లో బీరువాలో పెట్టమన్నాను.