కొటేషన్ కన్నా ముందు మీటరు

అల్లుడూ,

గుంటూరు డయాగ్నస్టిక్ సెంటర్లో మీరు పెట్టిన 10 కేవీఏ యూపీఎస్‌కి వచ్చే నెలాఖరుతో వారంటీ అయిపోతుందని, ఏఎంసీ కొటేషన్ మెయిల్ చేస్తే ఉలుకూ పలుకూ లేదని రాశావు. ఏడాదిగా పైసా అడగకుండా వచ్చిన వాళ్లు ఉన్నట్టుండి బిల్లు చూపిస్తే ఎవరు పలుకుతారు?

ముందు వారంటీలో చెయ్యాల్సిన పని ముగించు. సాయంత్రం శాంపిళ్లు అయిపోయి మిషన్లు ఆపాక, వాళ్ల అనుమతితో మెయిన్స్ తీసేసి మిగిలిన లోడును బ్యాటరీల మీద నడిపించు. 20 బ్యాటరీలూ సిరీస్‌లో ఉన్నాయి, 270 ఓల్టుల దాకా డీసీ ఉంటుంది, గ్లవ్స్ లేకుండా చెయ్యి పెట్టకు. ఒక్కో బ్యాటరీ ఓల్టేజీ చూసి రాసుకో. ఛార్జింగ్‌లో ఉండగా చూస్తే అన్నీ 13.5 దగ్గర బుద్ధిగా కనిపిస్తాయి, నమ్మకు. లోడు మీద మిగతావి 12 పైన నిలబడి, ఒకటి మాత్రం పది నిమిషాల్లో 10.5కి జారిందా, దొంగ అదే. అదొక్కటే బ్యాకప్ మొత్తాన్ని ముంచుతుంది. బ్యాటరీల వారంటీ యూపీఎస్ వారంటీతో కలిసి ఉండదు. ఇన్‌వాయిస్, సీరియల్ నంబర్లు చూసి గడువు లోపలే క్లెయిమ్ పెట్టించు. గడువు దాటాక మనమే కొత్తది అమ్ముకోవచ్చులే అని మీ ఓనరు అంటాడేమో. ఒక బ్యాటరీ మీద మిగిలే వందల కోసం ఏళ్ల తరబడి వచ్చే పార్టీని వదులుకోవడం వ్యాపారం కాదు.

ఆ రీడింగుల కాగితం చేతిలో పెట్టుకుని అప్పుడు ధర మాట్లాడు. లేబర్ మాత్రమే అయితే 6,000, జీఎస్టీ 18 శాతంతో 7,080. విడిభాగాలతో కాంప్రహెన్సివ్ అయితే 12,000, పన్నుతో 14,160. రెండింట్లోనూ బ్యాటరీలు ఉండవని నోటితో చెప్పు, కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాయి. ఏఎంసీ గొడవల్లో నేను ఎక్కువగా చూసింది ఇదే: అన్నీ వస్తాయనుకున్న మనిషికి రెండేళ్ల తర్వాత బ్యాటరీ సెట్టు ఖర్చు నెత్తిన పడుతుంది. పిడుగు, ఎలకలు, హై ఓల్టేజీ వల్ల పోయిన కార్డుల సంగతి కూడా తేల్చెయ్యి. విజయవాడలో బస్సెక్కి రావాల్సినవాడివి, రెండు గంటల్లో వస్తానని మాత్రం రాయకు.

గదిలో ఏసీ ఆడుతూ, ఎర్తింగ్ బాగుంటే ఈ రెండో ఏడాదికి లేబర్ చాలు, ఆ మాటే చెప్పు. ఫ్యాన్లు, కెపాసిటర్లు పాతబడ్డాక కాంప్రహెన్సివ్‌కి మారతామంటే సరే, కానీ అప్పుడు తనిఖీ చేసి, పాడైనవి వాళ్ల ఖర్చుతో మార్చాకే తీసుకుంటామని ఇప్పుడే ఒక వాక్యం చేర్చు.

ఈ వారంలోనే వెళ్లు. రీడింగులు రెండు కాపీలు తీసి, ఒకదాని మీద వాళ్ల సంతకం, స్టాంపు వేయించుకుని నీ ఫైల్లో పెట్టుకో.

మామయ్య