బ్రేకు లివర్ మెత్తబడితే

ప్రశ్న: నాంపల్లి నుంచి ఆబిడ్స్ వెళ్లేటప్పుడు సిగ్నళ్ల దగ్గర బైకు ముందు బ్రేకు లివర్ స్పాంజిలా లోపలికి పోతోంది. గబగబా నాలుగైదుసార్లు నొక్కితే గట్టిపడుతోంది. ప్యాడ్లు కొత్తవే. ఎందుకిలా?

జవాబు: ఎక్కువగా గొట్టంలో గాలి చేరితేనే ఇలా ఉంటుంది. బ్రేకు ఆయిల్ దాదాపు కుదించుకుపోదు కనుక లివర్ ఒత్తిడి నేరుగా క్యాలిపర్ పిస్టన్‌కు చేరి, ప్యాడ్లను డిస్కుకు అదుముతుంది. బుడగ ఉంటే లివర్ కదలికలో కొంత దాన్ని నలపడానికే పోతుంది.

ఆ గాలి తీసేటప్పుడు ఆయిల్ డబ్బా మూతపై రాసిన డాట్ ఆయిలే వాడండి. క్యాలిపర్ నిపుల్‌కు పారదర్శక పైపు తొడిగి, కొసను ఆయిల్ సీసాలో ముంచండి. లివర్ నొక్కిపట్టి నిపుల్‌ను పావుచుట్టు వదులు చేయండి, మళ్లీ బిగించాకే లివర్ వదలండి. బుడగలు ఆగేదాకా ఇంతే. పై డబ్బాలో ఆయిల్ అడుగంటితే మళ్లీ గాలి దూరుతుంది, చేసిందంతా వృథా.

నొక్కిపట్టిన లివర్ మెల్లగా లోపలికి జారిపోతే అది గాలి కాదు, మాస్టర్ సిలిండర్ సీలు అరిగిందేమో చూపించండి. ఏబీఎస్ బండైతే మెకానిక్‌కే అప్పగించడం నయం.